మూడు వ్యాపారాలు, ఒక్క ఓటు: సర్వసభ్య సమావేశంలో అధ్యక్షురాలు ఏం చెప్పాలి?

ఊళ్లో సహకార సంఘం ఏదైనా ఉమ్మడి వ్యాపారం మొదలుపెట్టాలనుకుంటే ముందు సర్వసభ్య సమావేశం పెడతారు. అధ్యక్షురాలు లేచి రెండు మూడు ప్రతిపాదనలు వివరిస్తుంది, తర్వాత ఓటింగ్ జరుగుతుంది. చూడ్డానికి ఇది మామూలు ఎన్నికలాగే ఉంటుంది. కానీ ఒక పెద్ద తేడా ఉంది. ఎన్నికల్లో ఓటు వేశాక ఓటరు పని అయిపోతుంది. ఇక్కడ ఓటు వేసినవాళ్లే రేపు ఆ వ్యాపారానికి సరుకు తేవాలి, అందులో కొనాలి, దానికి అద్దె కట్టాలి. ఓటరే ఖాతాదారు. ఓడిన పక్షం సభ్యులు కోపంతో కాకపోయినా, కేవలం ఆసక్తి లేక పక్కకు తప్పుకుంటే చాలు, గెలిచిన వ్యాపారం కూలిపోవచ్చు. అందుకే ఈ ప్రసంగంలో 'ఏది మంచిది' అన్న ప్రశ్న కన్నా 'ఏది బతకాలంటే మనలో ఎంతమంది దాన్ని వాడాలి' అన్న ప్రశ్న ముందు రావాలి. నేను చూసినంతలో చాలా ప్రసంగాలు ఈ రెండో ప్రశ్న దగ్గరికే రావు.

ఒక ఉదాహరణ తీసుకుని లెక్క వేసుకుంటూ వెళ్దాం. సంఘంలో 200 కుటుంబాలు ఉన్నాయి. ఇంటికి సగటున మూడెకరాలు. ఇంటి అవసరాలకు ఉంచుకోగా ఒక్కో కుటుంబం ఏడాదికి 4 టన్నుల ధాన్యం అమ్ముతుంది. ప్రతిపాదనలు మూడు: ధాన్యం మర, కోత యంత్రం (అందరూ హార్వెస్టర్ అనేదే) అద్దెకివ్వడం, విత్తనాలు ఎరువుల ఉమ్మడి దుకాణం. అంకెలు లెక్క కోసం వేసుకున్నవి. ఏ సంఘమైనా తన అంకెలు పెట్టుకుని ఇదే దారిలో నడవొచ్చు.

మర గురించి మొదలుపెట్టేటప్పుడు చాలామంది నాయకులు యంత్రం అమ్మేవాడు ఇచ్చిన కాగితం చదువుతారు. గంటకు ఒక టన్ను, రోజుకు 8 గంటలు, ఏడాదికి 250 రోజులు, అంటే 2000 టన్నులు ఆడించొచ్చు అని. ఆ అంకె వినగానే సభలో ఉత్సాహం వస్తుంది. కానీ అది యంత్రం చేయగలిగిన పని, మనం తేగలిగిన సరుకు కాదు. 200 ఇళ్లు అమ్మే ధాన్యం మొత్తం కలిపినా 800 టన్నులే. కాబట్టి నిజాయితీగా మాట్లాడే అధ్యక్షురాలు అవతలి కొస నుంచి లెక్క మొదలుపెడుతుంది. మేనేజరు, ఆపరేటరు జీతాలు, ఇన్సూరెన్స్, అప్పు వాయిదా, యంత్రం తరుగుదల. మర తిరిగినా తిరగకపోయినా ఈ ఖర్చులు తప్పవు. కరెంటు, సంచులు, వడ్డీ పోను టన్నుకు మిగిలే దానితో ఆ ఖర్చులన్నీ తీరాలంటే 600 టన్నులు ఆడాలని తేలిందనుకుందాం. 800లో 600 అంటే నాలుగింట మూడు వంతులు. ఆమె సభలో దాన్ని ఇలా చెప్పాలి:

"అక్కలారా, అన్నలారా, ఈ మర నష్టం లేకుండా నడవాలంటే మనలో ప్రతి ఇల్లూ అమ్మే నాలుగు టన్నుల్లో మూడు టన్నులు ఇక్కడికే తేవాలి. ఒక్క ఏడాది కాదు, అప్పు తీరేదాకా ప్రతి ఏడాదీ తేవాలి. బయట వ్యాపారి కాస్త ఎక్కువ ఇస్తానన్నప్పుడు కూడా తేవాలి. అలా తెస్తామన్న నమ్మకం ఉంటేనే దీనికి ఓటు వేయండి."

ఆ చివరి రెండు వాక్యాలు చెప్పడం కష్టం. చెప్తే ఓట్లు తగ్గుతాయన్న టెన్షన్ ఉంటుంది. కానీ మరలు మూతపడేది యంత్రం చెడిపోయి కాదు, సరుకు రాక. సభ్యుడు బయట ఎందుకు అమ్ముకుంటాడో కూడా ప్రసంగంలో ఉండాలి. దాన్ని ద్రోహం అనేస్తే తేలిగ్గా ఉంటుంది గానీ అసలు కారణం డబ్బు చేతికందే సమయం. కోత అవగానే రైతుకు కూలి డబ్బు కావాలి, అప్పు తీర్చాలి. వ్యాపారి కాటా దగ్గరే డబ్బిస్తాడు. మర సంగతి చూడండి. రోజుకు 8 టన్నుల చొప్పున 600 టన్నులు ఆడడానికి 75 రోజులు పడుతుంది. ఆడించినదాన్ని అమ్మి డబ్బు రాబట్టడానికి ఇంకో నెల అనుకుంటే, తన ధాన్యం చివరి లాటులో ఆడిన సభ్యుడి డబ్బు మూడు నెలలు దాటి ఇరుక్కుపోతుంది. ఆ మూడు నెలలూ ఎవరో ఒకరు మోయాలి. సంఘం అప్పు తెచ్చి సభ్యుడికి ముందే ఇవ్వాలి, లేదా సభ్యుడు ఆగాలి.

అంటే మర ధరతో పాటు, ధాన్యం కొనడానికి కావలసిన చేతి పెట్టుబడి కూడా ప్రసంగంలో రావాలి. కొన్నిసార్లు అది యంత్రం కన్నా పెద్ద మొత్తం. అది చెప్పకుండా మర ధర ఒక్కటే చెప్తే సభ్యులు సగం లెక్క మీద ఓటు వేస్తున్నట్టు. దీనికి రెండు దారులున్నాయి, రెండూ సభ ముందు పెట్టాలి. ఒకటి, ధాన్యం తెచ్చిన రోజు ధరలో కొంత భాగం బయానాగా ఇచ్చి, మిగతాది అమ్మకం అయ్యాక ఇవ్వడం. రెండోది, సంఘం ధాన్యం కొనకుండా మరాడింపు కూలి మాత్రమే తీసుకోవడం. అప్పుడు పెట్టుబడి భారం బాగా తగ్గుతుంది, కానీ అమ్మకంలో వచ్చే లాభం కూడా సంఘానికి రాదు, అమ్ముకునే తిప్పలు సభ్యుడివే. మర అనే ఒక్క మాట కింద ఇలా రెండు వేర్వేరు వ్యాపారాలు దాక్కుని ఉంటాయి. ఏ మరకు ఓటు వేస్తున్నామో తేలకుండా ఓటింగ్ పెట్టకూడదు.

ఇక హార్వెస్టర్. ఇక్కడ లెక్క పూర్తిగా వేరే చోట తిరుగుతుంది. పంట అందరిదీ దాదాపు ఒకేసారి కోతకొస్తుంది. గింజ రాలకుండా, వాన పడకుండా కోయడానికి దొరికే గడువు 12 రోజులు అనుకుందాం. యంత్రం గంటకు ఎకరంన్నర చొప్పున రోజుకు 10 గంటలు తిరిగితే 15 ఎకరాలు. 12 రోజులకు 180 ఎకరాలు. సంఘం సభ్యుల భూమి 600 ఎకరాలు. ఒక్క రోజు కూడా చెడిపోకుండా తిరిగినా ఈ యంత్రం 60 ఇళ్ల పొలాలే కోయగలదు. మిగిలిన 140 ఇళ్లు వాటా ధనం కట్టి, కోత రోజుల్లో గట్టు మీద నిలబడి చూడాలి.

అయినా ఈ వ్యాపారానికి ఒక బలం ఉంది. ఖర్చులన్నీ రావడానికి 150 ఎకరాల అద్దె చాలనుకుంటే, 50 కుటుంబాలు గట్టిగా నిలబడితే నడుస్తుంది. మరకు నాలుగు టన్నులూ తెచ్చే ఇళ్లు కనీసం 150 కావాలి, దీనికి 50 చాలు. కాబట్టి యంత్రం విషయంలో ఖాతాదారులు రారన్న భయం లేదు. వరుస గొడవే భయం. ఎవరి పొలానికి ముందు వెళ్లాలి? నియమం లేకపోతే మొదటి ఏడాది పాలకవర్గం సభ్యుల పొలాలే ముందు కోసుకున్నారన్న మాట పుడుతుంది. అది నిజం కాకపోయినా రెండో ఏడాదికి సంఘంలో చీలిక వస్తుంది. వరుస నియమం ముందే రాసుకోవాలి. చీటీ తీయొచ్చు. లేదా పక్కపక్క పొలాలను కట్టలుగా విడదీసి, ఏటా ఒక్కో కట్ట నుంచి మొదలుపెట్టొచ్చు. రెండో పద్ధతిలో యంత్రం ఊరంతా అటూ ఇటూ తిరగదు కాబట్టి డీజిలూ సమయమూ ఆదా అవుతాయి. నాకు అదే మెరుగనిపిస్తుంది. ఏదైనా సరే, 'తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం' అని వదిలేస్తే, ఆ మాట్లాడుకోవడం కోత మధ్యలో కేకలతోనే జరుగుతుంది.

దుకాణం లెక్క అన్నిటికన్నా చిన్నది, అందుకే అన్నిటికన్నా సురక్షితం అనిపిస్తుంది. 100 వంతుల అమ్మకంలో 6 వంతులు మార్జిన్, 4 వంతులు అద్దె, జీతాలు, రవాణా, 2 వంతులు మిగులు అనుకుందాం. ఆ 4 వంతుల ఖర్చు అమ్మకం తగ్గినా పెద్దగా తగ్గదు కాబట్టి, అనుకున్న అమ్మకంలో మూడింట రెండు వంతులైనా జరగాలి. 200 ఇళ్లలో 134 ఇళ్లు తమ కొనుగోళ్లన్నీ ఇక్కడే చేయాలన్నమాట. అది సాధ్యమే. ప్రమాదం ఇంకోచోట ఉంది. 100 వంతుల అమ్మకంలో కేవలం 2 వంతులు అరువుగా పోయి వసూలు కాకపోతే, ఏడాది మిగులంతా అక్కడితో సరి. నూటికి రెండు! ఒక్క చెడ్డ పంట ఏడాదిలో, 'కోతవగానే ఇస్తాలే' అన్న పది మంది బంధువులతో అంతకన్నా ఎక్కువే అవుతుంది. అడగడానికి గుమాస్తాకు మొహమాటం, కాదనడానికి అధ్యక్షురాలికి మొహమాటం.

ఇది కొత్తగా వచ్చిన చిక్కు కాదు. 1844 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 28 మంది సభ్యుల సంఘం తలా ఒక పౌండు చొప్పున పోగేసి దుకాణం తెరిచింది. నేటి సహకార సంఘాల సూత్రాలకు మూలం అదే అంటారు. ఆ రోజుల్లో కార్మికులు దుకాణదార్ల దగ్గర అరువులో కూరుకుపోయి ఉండేవాళ్లు. అరువు లేదు, నగదుకే అమ్మకం అన్నది వాళ్లు పెట్టుకున్న గట్టి నియమాల్లో ఒకటి. మిగులును వాటాల మీద కాకుండా ఎవరెంత కొన్నారో దాన్ని బట్టి పంచారు. ఈ రెండు నియమాలూ ఒకదానికొకటి ఆసరా. అరువు ఇవ్వని దుకాణానికి సభ్యుడు ఎందుకు రావాలంటే, ఏడాది చివర తన కొనుగోళ్ల మీద బోనస్ వస్తుంది కాబట్టి. అరువు ఇస్తూ బోనస్ కూడా ఇస్తామని ఏ నాయకురాలైనా చెప్తే, ఆ 6 వంతుల మార్జిన్ కాగితం చూపించమని సభ్యులు అడగాలి.

ఇప్పుడు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మర సరుకు రాక పోతుంది, హార్వెస్టర్ వరుస గొడవతో పోతుంది, దుకాణం అరువుతో పోతుంది. మూడింటికీ లాభం ఎంతో చెప్పి పోల్చడం సులువు. కానీ లాభం అంకెలు అన్నీ బాగున్న ఏడాదివి. ప్రసంగంలో ప్రతి ప్రతిపాదనకూ ఒకే నాలుగు సంగతులు, ఒకే వరుసలో చెప్పాలి: నష్టం రాకుండా ఉండాలంటే ఎన్ని ఇళ్లు ఎంత మేర వాడాలి, పంట సగమే పండిన ఏడాది ఏమవుతుంది, మొదటి రూపాయి ఎప్పుడు తిరిగొస్తుంది, మూసేయాల్సి వస్తే ఏం మిగులుతుంది. నాలుగోదాన్ని దాదాపు ఎవరూ చెప్పరు. హార్వెస్టర్‌ను ఎంతో కొంతకు అమ్మొచ్చు. దుకాణం సరుకులో కొంత కంపెనీకి వాపసు ఇవ్వొచ్చు, గడువు తీరిన పురుగుమందు మాత్రం ఎవరూ తీసుకోరు. మర కోసం కట్టిన షెడ్డు, పునాదులు, కరెంటు లైను అక్కడే ఉండిపోతాయి.

ఈ దశలో సభలో ఒక పెద్దాయన లేచి తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఏమమ్మా, రేపు నష్టం వస్తే మా పొలాలు పోతాయా?" దీనికి "అలాంటిదేం ఉండదు తాతా" అని సర్దిచెప్పకూడదు. పరిమిత బాధ్యతతో రిజిస్టరైన సంఘమైతే సభ్యుడికి పోయేది సాధారణంగా అతని వాటా ధనమే. కానీ బ్యాంకు అప్పుకు ఎవరైనా సొంత పూచీ సంతకం పెడితే ఆ రక్షణ వాళ్లకు వర్తించదు. ఏ ప్రతిపాదనకు ఎంత అప్పు, దానికి ఎవరి సంతకం, ఏది తాకట్టు అన్నది పేపరు మీద చూపించి జవాబివ్వాలి. అలాగే అధ్యక్షురాలికి గానీ పాలకవర్గంలో ఎవరికి గానీ ఇందులో సొంత ప్రయోజనం ఉంటే, మర పెట్టే స్థలం వాళ్లదైతే, హార్వెస్టర్ పెట్టే షెడ్డు వాళ్ల బావమరిదిదైతే, ప్రసంగం మొదట్లోనే ఆ మాట చెప్పేయాలి. తర్వాత ఎవరో బయటపెడితే, అప్పటిదాకా చెప్పిన సరైన లెక్కలను కూడా ఎవరూ నమ్మరు.

ఓటింగ్ పద్ధతి కూడా ప్రసంగంలో భాగమే. మూడు ప్రతిపాదనలున్నప్పుడు ఎవరికి ఎక్కువ చేతులు లేస్తే వాళ్లదే గెలుపు అనుకుంటే ఏమవుతుందో చూడండి. మరకు 80, హార్వెస్టర్‌కు 65, దుకాణానికి 55 ఓట్లు వచ్చాయనుకుందాం. మర గెలిచింది. కానీ 120 ఇళ్లు దాన్ని కోరుకోలేదు. మరకు ఓటేసిన 80 ఇళ్లు తమ ధాన్యం మొత్తం తెచ్చినా 320 టన్నులే, కావలసింది 600. ఓటింగ్‌లో గెలిచిన రోజే లెక్కలో ఓడిపోయిందన్నమాట. ఇప్పుడు దుకాణం పక్కకు తప్పుకుని, మొదటి రెండింటి మధ్య మళ్లీ ఓటు పెడితే? దుకాణం కోరుకున్న 55 ఇళ్లలో 45 హార్వెస్టర్ వైపు, 10 మర వైపు వెళ్లాయనుకుందాం. హార్వెస్టర్‌కు 110, మరకు 90. అదే ఊరు, అవే ఇష్టాలు, పద్ధతి మారేసరికి ఫలితం మారింది.

రెండేసి ప్రతిపాదనల చొప్పున పోటీ పెడితే ఈ చిక్కు తీరుతుందనుకోవద్దు. మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని ఓడించి, మూడోది మళ్లీ మొదటిదాన్ని ఓడించే పరిస్థితి రావొచ్చని ఫ్రెంచి పండితుడు కోండోర్సే 1785లోనే చూపించాడు. అలాంటప్పుడు ఏ జతను ముందు ఓటుకు పెట్టాలో నిర్ణయించే మనిషే గెలుపును నిర్ణయిస్తాడు. అందుకని పద్ధతి ఏదైనా అది ప్రసంగానికి ముందే, ఎవరికి ఎన్ని ఓట్లొస్తాయో తెలియక ముందే ఖాయం కావాలి. రెండు విడతల ఓటింగ్ అర్థం చేసుకోవడానికి తేలిక, అందుకే నేను దాన్నే ఎంచుకుంటాను. చేతులెత్తించడం కన్నా చీటీలు నయం, కౌలు భూమి ఇచ్చిన ఆసామి ఎదురుగా కూర్చుని ఉండగా చెయ్యెత్తడం అందరికీ వీలుకాదు. వీటన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఈ ఏడాది అసలు ఏ వ్యాపారమైనా మొదలుపెట్టాలా, వద్దా? ఈ మూడూ వద్దనే హక్కు లేని ఓటింగ్‌లో, వద్దనుకున్నవాళ్లు కూడా ఏదో ఒకదానికి ఓటేస్తారు. తర్వాత వాళ్ల మద్దతు ఉందనుకుని మనం మోసపోతాం.

ఓటు ఒక్కటే చాలదు కాబట్టి దానితో పాటు హామీ చీటీ కూడా తీసుకోవాలి. ఓటు రహస్యం, హామీ మాత్రం పేరుతో. ప్రసంగం రోజున మూడింటి లెక్క పేపర్లు ఇచ్చి, ఇంట్లో ఆడా మగా కూర్చుని మాట్లాడుకోవడానికి వారం పది రోజులు వదిలి, తర్వాత ఓటింగ్ పెట్టాలి. గెలిచిన ప్రతిపాదనకు ప్రతి ఇల్లూ ఎంత వాడుకుంటుందో రాసి, కొంత బయానా కట్టాలి. అమెరికాలోని రెడ్ రివర్ లోయ రైతులు 1973లో అమెరికన్ క్రిస్టల్ షుగర్ కంపెనీని కొని సహకార సంఘంగా మార్చుకున్నారు. అక్కడ వాటా అంటే లాభంలో భాగం ఒక్కటే కాదు. ఎన్ని వాటాలుంటే అంత విస్తీర్ణంలో చక్కెర దుంప పండించి ఫ్యాక్టరీకి తోలే హక్కు, తోలాల్సిన బాధ్యత కూడా. ఎక్కువ వాడుకునేవాళ్లు ఎక్కువ పెట్టుబడి పెడతారు, సరుకు వస్తుందా రాదా అన్న అనుమానం తగ్గుతుంది. ఓటు విషయంలో మాత్రం సహకార సూత్రం మారదు, పెట్టుబడి ఎంతైనా మనిషికి ఒక్క ఓటే.

మన ఉదాహరణలో హార్వెస్టర్ గెలిచింది. దానికి ఓటేసిన 110 ఇళ్లూ తమ మూడెకరాలకూ హామీ రాస్తే 330 ఎకరాలవుతుంది, యంత్రం కోయగలిగింది 180. ఇప్పుడు సరుకు తక్కువన్న సమస్య కాదు, చోటు తక్కువన్న సమస్య. వాటాలను ఎకరాల లెక్కన అమ్మి, 180 దగ్గర ఆపేయాలి. అందరికీ సమానంగా పంచితే ఇంటికి ఎకరం అరవై సెంట్లకు కాస్త పైన వస్తుంది. ఒక్కో పొలంలో సగమే కోసి పక్క పొలానికి వెళ్లడం వల్ల సమయం పోతుంది కాబట్టి, పక్కపక్క పొలాల వాళ్లు జత కట్టి ఒక ఏడాది ఒకరిది, మరో ఏడాది ఒకరిది కోయించుకునే వీలు కూడా ఇవ్వొచ్చు. యంత్రం వాడని 90 ఇళ్ల వాటా ధనాన్ని దీనిలోకి లాగకూడదు. లాగితే వాళ్లు ఇతరుల కోతకు పెట్టుబడి పెట్టినట్టవుతుంది.

ఒకవేళ మరే గెలిచి ఉంటే ఆట వేరుగా ఉండేది. హామీలు 600 టన్నులకు చేరేదాకా యంత్రానికి ఆర్డరు ఇవ్వకూడదు. హామీలకు ఒక ఆఖరు తేదీ పెట్టి, ఆ రోజుకు 450 దగ్గరే ఆగిపోతే బయానాలన్నీ ఎన్ని రోజుల్లో వాపసు ఇస్తారో ప్రసంగంలోనే చెప్పి ఉండాలి. ఆ డబ్బు సంఘం మామూలు ఖాతాలో కలపకుండా వేరే ఖాతాలో ఉంచాలి, ఇద్దరు సభ్యుల సంతకం లేకుండా తీయడానికి వీల్లేకుండా. 450 టన్నులకు సరిపడే చిన్న మర ఉందా, దాని ఖర్చులు ఎంతకు తీరతాయి అన్నది మళ్లీ లెక్కగట్టాలి. ఉందని తేలితే అది కొత్త ప్రతిపాదన, పాత ఓటు దానికి వర్తించదు. మళ్లీ సభ పెట్టాలి.